లేపే రిట్టు, కొట్టేసే రిట్టు

పదిహేను నెలలుగా నర్సమ్మ బోర్డు ఆఫీసు మెట్లు ఎక్కి దిగుతూనే ఉంది. ఇరవై రెండేళ్లు పెద్దాసుపత్రిలో కాన్పులు చేసి, దాచుకున్నదంతా పెట్టి ఊరి చివర రెండు మంచాల కాన్పుల గది కట్టుకుంది. గది తెరవాలంటే ఆసుపత్రులకు అనుమతులిచ్చే ఆ బోర్డు లైసెన్సు కావాలి. ఇన్‌స్పెక్టరు వచ్చాడు, గోడలు తట్టాడు, కుళాయి తిప్పాడు, బాగుందని రాసుకుని పోయాడు. దరఖాస్తు మాత్రం కార్యదర్శి బల్ల మీద పడుకుంది. ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు: "పరిశీలనలో ఉందమ్మా." పదిహేను నెలలు పరిశీలిస్తే రాతిబండ కూడా తన గుట్టంతా చెప్పేసేది.

లాయరమ్మ దగ్గరికి వచ్చిన రోజు నర్సమ్మ కుర్చీలో కూర్చోలేదు.

"మా గదికి తలుపులు చేసిన వడ్రంగి ఉన్నాడమ్మా. వాళ్లావిడకి ఏడో నెల వచ్చింది. పోయినసారి పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే బిడ్డ పోయింది. రెండు గంటల గతుకుల దారి. ఆ పిల్లకి నెలలు నిండేలోగా నా తలుపు తెరుచుకోవాలి. నాకింకేం వద్దు."

"లైసెన్సు లేకుండానే చేసేస్తే?" అన్నాడు మామయ్య. ఆయన లాయరమ్మకు మేనమామ. రిటైరయ్యాక మేనకోడలి దగ్గరే గుమాస్తాగా చేరి, ఫైళ్లనూ ఆవిడ కోపాన్నీ కలిపి మోస్తున్నాడు.

"చేస్తే గదికి సీలు వేస్తారు, దరఖాస్తు కొట్టేస్తారు. అప్పుడిక ఎప్పటికీ తెరుచుకోదు. వాళ్లకి కావలసింది కూడా అదే," అంది నర్సమ్మ.

"కోర్టుకెళ్దాం అక్కా," అంది లాయరమ్మ. "మాండమస్ అడుగుదాం. చట్టం చెయ్యమన్న పనిని ఆఫీసు చెయ్యకుండా కూర్చుంటే, లేచి చెయ్యవయ్యా అని కోర్టు వేసే ఆజ్ఞ అది."

"లైసెన్సు ఇవ్వమని చెప్తుందా?"

"అలా చెప్పదు. ఇవ్వాలో వద్దో తేల్చే అధికారం బోర్డుది. తేల్చకుండా కూర్చునే హక్కు మాత్రం దానికి లేదు. అందుకని తేల్చండి అంటుంది, అంతే."

నర్సమ్మకది రుచించలేదు. లాయరమ్మకు మాత్రం రుచించిందా? అయినా చట్టం చట్టమే. ముందు బోర్డుకు రిజిస్టర్డు పోస్టులో లేఖ పంపించింది: దరఖాస్తును పదిహేను రోజుల్లో తేల్చండి, లేదంటే కోర్టుకు వెళ్తాం అని. అడగకుండానే వచ్చారేమని రేపు జడ్జిగారు అంటే నోట మాట రాదు మరి. లేఖ అందినట్టు సంతకంతో చీటీ తిరిగొచ్చింది. జవాబు రాలేదు. పదహారో రోజున రిట్టు వేసింది.

నోటీసు వెళ్లాక మొదటి వాయిదా. సర్కారు వకీలు మంచి ఇస్త్రీ కోటు మనిషి. లేచి నిలబడి, ఒకే ఒక్క కాగితం జడ్జిగారి ముందు పెట్టాడు.

"దరఖాస్తును గురువారం నాడే తేల్చేశామండీ. తిరస్కరించాం. ఇక ఆజ్ఞాపించడానికి ఏం మిగల్లేదు. పిటిషన్ కొట్టేయండి."

లాయరమ్మ ఆ కాగితం చదివింది. ఒకటే వాక్యం. "ప్రజా ప్రయోజనం దృష్ట్యా దరఖాస్తును తిరస్కరించడమైనది." కింద కార్యదర్శి సంతకం. ఏ ప్రజలు, ఏ ప్రయోజనం? పదిహేను నెలలు కదలని కలం, కోర్టు నోటీసు అందిన మూడో రోజున పరిగెత్తింది. ఎందుకు పరిగెత్తిందో అక్కడున్న బల్లలకు కూడా తెలుసు. ఆవిడ లేచింది.

"ఇది దగా అండీ! మా నోరు మూయించడానికి రాత్రికి రాత్రి పుట్టించిన కాగితం!"

"కావచ్చు," అన్నారు జడ్జిగారు. "కానీ మీరు అడిగిందేమిటి? తేల్చమని. తేల్చారు. చెడ్డగా తేల్చారన్నది మీ మాట. చెడ్డ ఉత్తర్వు బతికుండగా, దాన్ని పక్కన పెట్టి ఇంకోలా చెయ్యండని నేను మాండమస్ వెయ్యలేను. ముందు ఆ ఉత్తర్వు పోవాలి. అది పోవాలని మీరు అడగలేదు."

ఆ మాటలో తప్పేం లేదు. లాయరమ్మకు మండింది కూడా అందుకే. తన ఆయుధం సరైనదే, వేసిన రోజుకు సరైనదే. వాళ్లు రాత్రికి రాత్రి లక్ష్యాన్ని జరిపేశారు. కోపం దిగమింగి, పిటిషన్‌ను సవరించుకోవడానికి అనుమతి అడిగింది. కొత్త కేసు వేసుకోమని సర్కారు వకీలు అడ్డుపడ్డాడు. కొత్త కేసంటే మళ్లీ కొత్త నంబరు, కొత్త నోటీసు, కొత్త నెలలు. జడ్జిగారు ఆయన వైపు ఒకసారి చూసి, వారం గడువిచ్చారు.

ఇంటికి చేరేసరికి వడ్రంగి భార్యకు ఎనిమిదో నెల నడుస్తోందన్న కబురు వచ్చి ఉంది.

"ఇదంతా నాకు అర్థమయ్యేలా చెప్పమ్మా. అడిగితే ఇవ్వలేదు, కోర్టుకొస్తే లేదన్నారు. మళ్లీ మొదటికొచ్చామా?" అంది నర్సమ్మ.

"రాలేదక్కా. పొయ్యి దగ్గర కూర్చుని వండనివాడున్నాడనుకో, వండు అని చెప్పడం మాండమస్. వాడు లేచి కూర మాడబెట్టాడనుకో, వండు అంటే ఏం లాభం? వండానుగా అంటాడు. అప్పుడు సెర్షియోరరీ కావాలి. ఆ గిన్నె ఇలా పట్టుకురా, మూత తీసి చూస్తాను, మాడిందా పారబోస్తాను అంటుంది కోర్టు."

"రుచి కూడా చూస్తుందా?"

"చూడదు. ఉప్పు తక్కువైంది, కారం ఎక్కువైంది అన్నది దానికి పట్టదు. వండే హక్కు లేనివాడు వండాడా, చట్టం చెప్పిన పద్ధతి తప్పాడా, నిన్ను ఒక్క మాటైనా అడక్కుండా వండాడా, అవి చూస్తుంది."

మామయ్య కళ్లజోడు తుడుచుకుంటూ, "పారబోస్తే కడుపు నిండదే అమ్మాయ్," అన్నాడు. "ఖాళీ గిన్నె పెట్టుకుని వాడు మళ్లీ కూర్చుంటాడు."

లాయరమ్మ ఆయన వైపు చూసింది. ముసలాయన ఊరికే జుట్టు నెరిపించుకోలేదు. సవరించిన పిటిషన్‌లో రెండూ అడిగింది: ఉత్తర్వును కొట్టేయండి, ఆపైన దరఖాస్తును చట్టప్రకారం తేల్చమని ఆజ్ఞాపించండి.

కోర్టు ఈసారి బోర్డు ఫైలును తెప్పించుకుంది. గమ్మత్తు ఇక్కడే ఉంది. కార్యదర్శి ఆ ఒక్క వాక్యం రాయకపోయి ఉంటే, నిద్రపోతున్నాం క్షమించండి అని తప్పించుకునేవాడు. ఉత్తర్వు రాశాడు గనక, అది ఎలా పుట్టిందో చూపించక తప్పలేదు.

విచారణ రోజున లాయరమ్మ నర్సమ్మ గది ఫొటోలు బయటికి తీసి చూపించబోయింది. తెల్లటి గోడలు, ఉడకబెట్టిన సామాను, శుభ్రమైన మంచాలు.

"నేను మీ గదిని తనిఖీ చెయ్యడానికి కూర్చోలేదమ్మా," అన్నారు జడ్జిగారు. "ఇది అప్పీలు కాదు. ఉత్తర్వులో చట్టానికి తగిలే లోపం చూపించండి."

ఫొటోలు లోపల పెట్టేసి, ఆవిడ ఫైలు తెరిచింది. "చట్టం ప్రకారం బోర్డులో ఐదుగురు సభ్యులు. కనీసం ముగ్గురు కూర్చుని, దరఖాస్తుదారు చెప్పేది విని తేల్చాలి. ఈ ఫైల్లో సమావేశం జరిగినట్టు ఒక్క ముక్క లేదు. దరఖాస్తుదారుకు నోటీసు లేదు. ఇన్‌స్పెక్టరు బాగుందని రాసిన నివేదిక ఉంది, దాని ప్రస్తావన లేదు. కారణం లేదు. సంతకం మాత్రం ఉంది, అదీ కార్యదర్శిది. ఆయన బోర్డు ఉత్తరాలు పంపే మనిషి. బోర్డు కాదు."

సర్కారు వకీలు లేచాడు. "శాఖకు అప్పీలు చేసుకునే దారి ఉందండీ. అది వదిలేసి ఇక్కడికి రాకూడదు."

"మామూలుగా రాకూడదు," అంది లాయరమ్మ. "అధికారం లేనివాడు, మనిషిని వినకుండా రాసిన ఉత్తర్వుకు ఆ అడ్డు వర్తించదు."

జడ్జిగారు ఫైలు మరోసారి తిరగేశారు. "వకీలుగారూ, గురువారం నాడు బోర్డు కూర్చుందా?"

"వ్యవధి చాలక..."

"పదిహేను నెలలు చాలలేదా?"

సర్కారు వకీలు కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. ఉత్తర్వు రద్దయింది. బంట్రోతు తర్వాతి కేసు పిలవబోయాడు. లాయరమ్మ కూర్చోలేదు.

"ఇంతటితో ఆగితే మేం మొదటి రోజుకే పోతామండీ. దరఖాస్తు బల్ల మీద, ఆయన కుర్చీలో. రెండో అభ్యర్థన కూడా ఉంది."

మూడు వారాల్లో బోర్డు సమావేశమై, ఆమెను విని, కారణాలతో తేల్చాలని జడ్జిగారు చెప్పి రాయించారు.

బయట వరండాలో నర్సమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది. "గెలిచామామ్మా? రేపు తలుపు తీసుకోవచ్చా?"

"లేదక్కా. లేదనడం పోయింది. ఔననడం ఇంకా రాలేదు."

"మళ్లీ వాళ్ల దగ్గరికేనా!" నర్సమ్మ గొంతు వరండా చివరి దాకా వినిపించింది. "తప్పు చేసిందీ వాళ్లే, దిద్దేదీ వాళ్లేనా?"

లాయరమ్మ దగ్గర దానికి చట్టం చెప్పే జవాబుంది. అది నోటితో చెప్పడానికి సిగ్గేసింది.

మూడు వారాలంటే కార్యదర్శి మూడు వారాలూ వాడుకున్నాడు. ఇరవై ఒకటో రోజుకు సమావేశం పెట్టాడు. ఇరవయ్యో రోజు సాయంత్రం వడ్రంగి భార్యకు నొప్పులొచ్చాయి.

మర్నాడు బోర్డు గదిలో నలుగురు సభ్యులు కూర్చున్నారు. పక్కన కార్యదర్శి. లాయరమ్మా నర్సమ్మా ఎదురుగా. నర్సమ్మ కళ్లు ఎర్రగా ఉన్నాయి, చీర అంచున కడిగినా పోని మరక ఉంది. ఏమైందని దారిలో అడిగితే, లోపల చెప్తాలెమ్మా అంది.

అధ్యక్షురాలు పెద్ద డాక్టరు. ఇన్‌స్పెక్టరు నివేదిక చదివింది. మంచాలెన్ని, నీళ్లెక్కడివి, రక్తం అవసరమైతే ఎక్కడికి పంపుతారని అడిగింది. నర్సమ్మ తడుముకోకుండా చెప్పింది. నాలుగు నిమిషాలు పట్టింది. గోడ గడియారం చూస్తున్న లాయరమ్మకు ఏడవాలో అరవాలో తెలియలేదు. ఈ నాలుగు నిమిషాల కోసమా?

"ఈమధ్య కాన్పులు చేస్తున్నారా? చేతికి అలవాటు తప్పలేదు కదా?" అంది అధ్యక్షురాలు.

"నిన్న ఒకటి చేశానండీ."

కార్యదర్శి నిటారుగా కూర్చున్నాడు. "నిన్నా? లైసెన్సు లేకుండా? అధ్యక్షులవారు ఇది రికార్డు చేయించాలి." కలం తీశాడు. "ఎక్కడ చేశారో చెప్పండి."

లాయరమ్మ అడ్డుపడబోయింది. నర్సమ్మ కార్యదర్శి వైపు తిరిగి, అతను రాసుకోవడానికి వీలుగా మెల్లిగా చెప్పింది.

"రోడ్డు మీదండీ. ఆటోలో. నా గదికి తాళం వేసుంది కదా, దాని ముందునుంచే పెద్దాసుపత్రికి బయల్దేరాం. ఆరో మైలు మలుపులో ఆటో ఆగిపోయింది. వెలుతురుకి వడ్రంగి ఫోను పట్టుకున్నాడు, వేడినీళ్లు లేవు. బిడ్డ మెడకి బొడ్డుతాడు చుట్టుకుంది. తీశాను. బతికింది. తల్లికి ఇంకా రక్తం ఎక్కిస్తున్నారు." ఆగింది. "రోడ్డుకి మీ లైసెన్సు అక్కర్లేదు కదండీ? అక్కర్లేదనే రాసుకోండి."

కలం కదల్లేదు. అధ్యక్షురాలు ఫైలును తన వైపు లాక్కుని, మంజూరని రాసి సంతకం చేసి, పక్క సభ్యుడికి జరిపింది.