గాలికి గట్లు

శాంతక్కని అంబులెన్స్ ఎక్కించామని ప్రత్తిపాడు నుంచి వాళ్ళమ్మాయి శరణ్య ఫోన్ చేసేసరికి నేను గుంటూరు ఆఫీసులో, గోడంత తెర ముందు కూర్చుని మధ్యాహ్నం టీ తాగుతున్నాను. గుండె నొప్పట. కప్పు పక్కన పెట్టేశాను. పక్కన కూర్చున్న సాయికౌశిక్ వెంటనే తెర మీద అంబులెన్స్ గుర్తుని పెద్దది చేశాడు. కుర్రాడు మాటకారి, అయినా పనిమంతుడు.

శాంతక్క నా సొంత అక్క కాదు. మా అమ్మ నన్ను కన్నది, శాంతక్క నన్ను మనిషిని చేసింది. టెలిఫోన్ ఆపరేటరుగా నేను చేరిన కొత్తల్లో ట్రంక్ హాల్లో నాకు సూపర్వైజరు ఆవిడే. మిరపకాయల సీజన్లో కిటికీల్లోంచి ఘాటు కొట్టేది. వరసగా కూర్చున్న ఆపరేటర్లం తుమ్ముతూనే లైన్లు కలిపేవాళ్ళం. ఊరు దాటి మాట్లాడాలంటే జనం కాల్ బుక్ చేసుకుని ఎదురుచూసే రోజులవి. ఆర్డినరీ కాల్ వరసలో ఉండాలి. అర్జెంటు దానికంటే ముందు. లైట్నింగ్ అంటే అందరినీ దాటుకుని పోయేది, అవసరమైతే మాట్లాడుతున్నవాళ్ళ లైను తీసైనా ఇచ్చేవాళ్ళం, ఖరీదు కూడా అలాగే ఉండేది. ఆ హాలంటే నాకిప్పటికీ ప్రాణం. శాంతక్క టిఫిన్ డబ్బాలో గోంగూర అన్నం కోసం మేమంతా కొట్టుకునేవాళ్ళం. ఖుర్షిదాకి ముందు అని ఆవిడ నాకే పెట్టేది. ఇప్పుడు ఆ హాల్లో బీరువాలు పెట్టి తాళం వేశారు.

పరీక్షలు రాసి ఇంజనీరునై, సర్కారు కొలువు వదిలేసి, ఈ ప్రైవేటు ఫోన్ కంపెనీలో తేలాను. నా వయసు వాళ్ళు మనవళ్ళని ఎత్తుకుంటుంటే నేను ఫైవ్ జీ నేర్చుకుంటున్నాను. ఒకే నెట్‌వర్క్‌ని ముక్కలుగా పంచే స్లైసింగ్ గురించి మొదటిరోజు కౌశిక్ బొమ్మలేసి చెప్పబోతే, ఆగరా నాయనా, పొలానికి గట్లు వేయడమేగా అన్నాను. టవర్లు అవే, తీగలు అవే, గాలీ అదే. లోపల మాత్రం ఒక్కో పనికి ఒక్కో మడి. సినిమాలు, వాట్సాప్ చూసే జనానికి ఒక పెద్ద మడి. మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో చలి కొలిచే వేల పరికరాలకి ఇంకొకటి, అవి పంపేది గింజంత సమాచారం, తొందర లేదు. అంబులెన్సుకి మూడోది, అక్కడ ఆలస్యం కూడదు, వాటా ముందే కట్టి ఉంచాలి. అంబులెన్స్ లేనప్పుడు ఆ వాటాని మామూలు జనమే వాడుకుంటారు, అది రాగానే వదలాలి. ఏ సిమ్ము ఏ మడిదో కంపెనీ దగ్గర రాసి ఉంటుంది. ఎవడు పడితే వాడు గట్టు దాటి రాలేడు.

ప్రత్తిపాడు అంబులెన్సులో ట్రయల్ కింద మేం పెట్టించిన రూటర్లో ఉన్నది ఆ మూడో మడి సిమ్మే. రోగి ఈసీజీ, కెమెరా బొమ్మ గుంటూరులో డాక్టర్ శ్రీదుర్గ గారికి వెళ్తాయి. ఆవిడ అవి చూస్తూ దారిలోనే నర్సుకి ఏం చేయాలో చెబుతారు.

ఏటుకూరు దగ్గర లారీ అడ్డంపడి, డ్రైవర్ జాన్ బాషా మిర్చి యార్డు వైపు తిప్పాడు. మార్చి నెలలో యార్డు సంగతి తెలిసిందే. టిక్కీలనే మిర్చి బస్తాలు, లారీలు, రైతులు, దళారులు, ప్రతి చేతిలో ఒక ఫోను. మా తెర మీద అక్కడి టవరు ఎర్రగా నిండిపోయి ఉంది. అంబులెన్స్ అందులోకి అడుగుపెట్టిందో లేదో శ్రీదుర్గ గారి ఫోన్ వచ్చింది.

"మేడం, బొమ్మ ఆగిపోయిందండి. ఈసీజీ కూడా తెగి తెగి వస్తోంది. ఆవిడ గుండె లయ మారుతున్నట్టుంది. నాకు కనపడకపోతే మందు ఏమని చెప్పను?"

కౌశిక్ అప్పటికే కీబోర్డు మీద ఉన్నాడు.

"యార్డు జనం తొక్కేస్తున్నారు మేడం. అంబులెన్స్ వాటా పెంచేద్దాం."

"ఆగు," అన్నాను. "యార్డు జనం తొక్కేస్తే గట్టు ఎందుకురా? ముందు మన వాటా మనకి అందుతోందా లేదా చూడు."

చూశాడు. అందుతోంది. కట్టి ఉంచిన వాటా మొత్తం వస్తోంది, మొత్తం ఖర్చవుతోంది. కానీ ఒక కెమెరాకి, ఒక ఈసీజీకి అంత అవసరం లేదు. బయటివాళ్ళు దోచుకోవడం లేదు, లోపలే ఎవరో తాగేస్తున్నారు. అంబులెన్స్ రూటర్ పేజీ తెరిస్తే వైఫైకి వేలాడుతూ బోలెడు ఫోన్లు కనిపించాయి. ఇంకో ఫోన్లో జాన్ బాషాకి కలిపాను.

"బాషా, వైఫై ఎవరికిచ్చావయ్యా?"

"పేషెంటు వాళ్ళకేనమ్మా. వాళ్ళ ఫోన్లలో నెట్ రావట్లేదు, చుట్టాలకి చూపించాలన్నారు. పడుకున్న పెద్దమ్మే ఇమ్మంది. ఎట్టా కాదంటాం?"

ఎట్టా కాదంటాడు. మా వైపు అంబులెన్స్ ఎక్కితే నలుగురు బంధువులు ఎక్కుతారు. ఎక్కగానే వీడియో కాల్ చేసి, రాలేనివాళ్ళందరికీ పేషెంటు మొహం చూపిస్తారు. చూపించకపోతే జీవితాంతం నిష్ఠూరాలు. రూటర్లోంచి పోయేదంతా ఒకే సిమ్ములోంచి, ఒకే మడిలోకే. లోపల మళ్ళీ ఈసీజీ ముందు, చుట్టాలు తర్వాత అని వరస పెట్టాల్సింది, ట్రయలే కదా అని పెట్టలేదు. దారిలో టవర్లు ఖాళీగా ఉండి వాటాకి మించి దొరికింది కాబట్టి బయటపడలేదు, యార్డులో వాటా ఒక్కటే మిగిలింది. వాటా పెంచినా ఆ పెంచింది కూడా వీడియో కాల్సే మింగేసేవి.

"కౌశిక్, బంధువుల వైఫై ఆపెయ్. కెమెరా, ఈసీజీ తీగ మీద ఉన్నాయి, వాటికేం కాదు."

నొక్కాడు. ఫోన్లన్నీ ఒక్కసారి రాలిపోయాయి. బాషా, శ్రీదుర్గ గారు ఇద్దరూ లైన్లోనే ఉన్నారు. డాక్టరు గారి గొంతు నర్సుతో గబగబా ఏదో మందు పేరు, మోతాదు చెప్పడం వినిపించింది. యార్డు దాటేదాకా బొమ్మ మళ్ళీ ఆగలేదు. అంబులెన్స్ ఆస్పత్రి చేరిందని కౌశిక్ చెప్పినప్పుడు నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

మూసుకున్న నాళం తెరిచారు. మర్నాడు పొద్దున చూడటానికి వెళ్ళాను. శాంతక్క నీరసంగా దిండుకి ఆనుకుని ఉంది. నన్ను చూసి చెయ్యి చాపింది. నేను మురిసిపోతూ జరిగిందంతా చెప్పాను. గట్లు, మడులు, మన లైట్నింగ్ కాలే అక్కా, కాకపోతే వేరేవాడి లైను లాక్కోనక్కర్లేకుండా వాటా ముందే పక్కన పెడతారు అన్నాను. ఆవిడకి అర్థమైంది, ఎందుకు కాదు. మెచ్చుకుంటుందనుకున్నాను.

"అయితే నా మనవరాలి కాల్ తీసేసింది నువ్వేనన్నమాట," అంది.

"తియ్యకపోతే ఎట్టా అక్కా?"

"తియ్యాల్సిందే. నేనైనా తీసేదాన్ని. చెప్పి తీశావా?"

నేను ఆవిడ దుప్పటి అంచు సర్దాను.

"తిరుపతిలో హాస్టల్లో ఉంది ఆ పిల్ల. నా మొహం చూస్తా ఏడుస్తా ఉంది. ఫోన్లో నా మొహం బిగుసుకుపోయి, మాయమైందంట. శరణ్య ఫోన్ చార్జింగ్ అయిపోయింది. పొద్దుగూకేదాకా నేను పోయాననుకుని కూర్చుంది." శాంతక్క ఊపిరి తీసుకుంది. "మనం ఎవరి లైను తీసినా, అర్జెంటుగా కావాలండీ అని ఒక ముక్క చెప్పి తీసేవాళ్ళం కదే. తిట్టినా సరే, చెప్పేవాళ్ళం."

"ఇందులో అలా చెప్పే ఏర్పాటు లేదక్కా," అన్నాను, నాకే సిగ్గుగా ఉంది.

"బాషా లైన్లోనే ఉన్నాడన్నావుగా. నువ్వూ ఉన్నావు."

బంధువులకి రూటర్లో మామూలు సిమ్ముతో వేరే వైఫై పెట్టిస్తానన్నాను. ఇక మీదట ఎవరి కాలూ తెగదని చెప్పబోయాను. శాంతక్క వినిపించుకోలేదు, మనవరాలి నంబరు చెప్పింది. కారిడార్లోకి వచ్చి ఆ నంబరు కలిపాను. ఆ పిల్ల ఎవరండీ అంది.

"ఖుర్షిదానమ్మా, మీ అమ్మమ్మ దగ్గర పని చేశాను. నిన్న నీ లైను తీసింది నేనే," అన్నాను.