నీలం వేసిన వారంలో ఎరుపు

పదకొండు రకాల ఎరుపుల్ని తడి నూలు మీదే గుర్తుపట్టగలను. ఇరవై ఆరేళ్ళుగా రంగుల కార్ఖానాలో మేస్త్రీని. ఈ గొప్ప నేను చెప్పుకోవడమే కాదు, మా బావ కూడా నలుగురిలో చెప్పేవాడు. బావంటే మా చెల్లెలి మొగుడు. నేనే తీసుకొచ్చి తొట్ల దగ్గర పనిలో పెట్టించాను. ఇద్దరు ఎత్తే తడి నూలు ఒక్కడే ఎత్తి దండెం మీద వేసేవాడు.

ఎనిమిది నెలల కిందట ఒక మధ్యాహ్నం కార్ఖానా మరుగుదొడ్డి దగ్గర చెయ్యి పట్టుకుని నన్ను ఆపాడు. మూత్రం ఎర్రగా వచ్చిందట. నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. ఆ వారం మేము వేస్తున్నది ఎరుపే. మా దగ్గర ఎరుపు వేసిన వారం చీదితే చీమిడి కూడా ఎర్రగానే వస్తుంది. గోళ్ళ సందుల్లోది సెలవు రోజు దాకా వదలదు. ఒంట్లోంచి రంగు దిగుతోందని పాతవాళ్ళు నవ్వుకునేవారు. నేనూ ఆ మాటే అన్నాను. నీళ్ళు ఎక్కువ తాగమన్నాను. మూడు రోజులకు మామూలైంది. చూశావా అని భుజం కూడా తట్టాను.

తప్పు అక్కడితో ఆగితే నన్ను నేను కొంతైనా క్షమించుకునేవాణ్ణి. రెండు నెలల తర్వాత మళ్ళీ వచ్చింది. అప్పుడు తొట్లన్నిటిలో నీలమే. బావ కొంచెం బెదిరాడు.

"నీలం వేస్తుంటే ఎరుపెలా వస్తుంది బావా?" అన్నాడు.

చిన్నపిల్లలకైనా తట్టే ప్రశ్న. మేస్త్రీగిరీ నెత్తికెక్కిన నాకు తట్టలేదు. ఒంట్లో నిలవున్న పాత రంగు, మెల్లగా దిగుతుందిలే అని తేల్చిపారేశాను. నాలుగు రోజులకు అదీ ఆగింది. ఆగిందంటే తగ్గిందనే అనుకున్నాం ఇద్దరం.

మూడోసారి రక్తం గడ్డలు గడ్డలుగా వచ్చి మూత్రం రాకుండా బిగుసుకుపోయింది. బావ నడుం వంచి తొట్టి అంచు పట్టుకున్నాడు. అప్పుడు గానీ ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు నేను. మూత్రాల జబ్బుల డాక్టరమ్మ ముందు గొట్టం వేసి గడ్డలు కడిగించింది. పరీక్షల్లో చీము లేదు, రక్తం మాత్రం బోలెడు. స్కానింగులో మూత్రాశయం గోడ దగ్గర ఏదో నీడ కనబడింది. లోపల చూడందే ఏదీ చెప్పలేనంది.

ఆ చూడటాన్నే సిస్టోస్కోపీ అంటారు. మొద్దుబారే మందు పూసి, కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని మూత్రం వచ్చే దారిలోంచే మూత్రాశయంలోకి పంపారు. అది బాగా తెరుచుకోవడానికి నీళ్ళు నింపారు. బావ నన్ను పక్కనే ఉండమన్నాడు, డాక్టరమ్మ ఒప్పుకుంది. తెర మీద లేత గులాబీ గోడ, దాని మీద సన్నని నరాలు. గొట్టం మెల్లగా తిరిగింది. ఒక మూల గడ్డ కనబడింది, పైన చిరుగులు చిరుగులుగా, అంచునుంచి నెత్తురు పొగలా నీళ్ళలోకి లేస్తూ. డాక్టరమ్మ చెయ్యి అక్కడే ఆగింది.

బావ కూడా తెర వైపే చూస్తున్నాడు. "రంగేమో అండీ?" అన్నాడు.

"కాదండీ. గడ్డ. ఇన్నాళ్ళూ వచ్చింది దీని రక్తమే."

మత్తిచ్చి గడ్డను గీకి తీసి ముక్కలు పరీక్షకు పంపారు. వారం తర్వాత కాగితం వచ్చింది. క్యాన్సరే, కండ పొరలోకి దిగింది. ముందు మందులు ఎక్కించి, తర్వాత మూత్రాశయాన్నే తీసెయ్యాలంది. ఎన్నాళ్ళు ఉంటాడన్నదానికి మాత్రం మాటివ్వలేనంది. మొదట రక్తం ఎప్పుడు కనబడిందని అడిగింది.

బావ నా వైపు చూడకుండా, ఈ మధ్యనే అన్నాడు. నా తప్పు దాచడానికి, ఆసుపత్రి మంచం మీద పడుకుని. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎనిమిది నెలలైందమ్మా. నేనే రంగన్నాను," అన్నాను.

ఆమె కోప్పడలేదు. నొప్పి లేకుండా ఒక్కసారి ఎర్రగా కనబడినా రావాల్సిందే, దానంతటది ఆగినా రావాల్సిందే అంది. కొన్ని రంగుల రసాయనాలు ఒంట్లో చేరి మూత్రంతోనే బయటికి పోతాయట. పోయేముందు మూత్రాశయం గోడనే అంటుకుని ఉంటాయి కాబట్టి, మా పనివాళ్ళకు ఈ జబ్బు భయం మిగతావాళ్ళకన్నా ఎక్కువట.

బయట బల్ల మీద చెల్లెలు బావ చొక్కా మడతపెడుతూ కూర్చుంది. పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

"నాకు తెలుసన్నయ్యా. మొదటి రోజే ఆయన ఇంటికొచ్చి చెప్పారు. మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గరకి పోదామని చెప్పులు కూడా వేసుకున్నాను. 'మీ అన్నయ్య రంగేనన్నాడు, ఎందుకులే' అన్నారు. నీ మాట వినేసరికి చెప్పులు విప్పేశాను."