మూడు లైన్ల కోపం

తెలంగాణ బంద్ వల్ల కొండాపూర్‌లో జరగాల్సిన నా ఉద్యోగ ఇంటర్వ్యూ ఫోన్‌కు మారింది. టీచరైన మా ఆవిడ బ్లెస్సీకి బడి లేదు. కంపెనీకి పంపాల్సిన నా ప్రొఫైల్ ప్రింటు మీద ఎర్రపెన్ను పెట్టింది. పాత మేనేజర్‌ను అందులో మూడు లైన్లలో కడిగేశాను.

"గిది ప్రొఫైలా, పంచాయితా?" అని మూడూ కొట్టేసింది. "కంపెనీ అడిగితే రాజీనామా చేశాను" అన్నదొక్కటే మిగిలింది.

ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టాను.

"రాజీనామా ఎందుకు అడిగారండి?"

"టెస్టింగ్ పూర్తికాకముందే కోడ్ రిలీజ్ చేసిన సార్. తప్పు నాదే. ఇగ చెక్‌లిస్ట్ నిండనిదే రిలీజ్ చెయ్య."

"వాళ్ల మీద కోపం లేదా?"

"ఉండె సార్, మూడు లైన్లు. మా ఆవిడ కొట్టేసింది."

ఆయన పగలబడి నవ్వాడు. బ్లెస్సీ నా అరచేతిలో ఎర్రగా టిక్కు పెట్టింది.