వీపు బొమ్మ మీద గీత

బెంగవాన్ ఏరు పొంగి ఆసుపత్రి మేడమెట్లలో మూడోదాని దాకా మింగిన ఏడు అది. మందులూ మంచాలూ పై అంతస్తుకు మోశారు. కాగితాల గది సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్లు తీశాక చూస్తే, విసుం రాయడానికి అచ్చువేయించి పెట్టుకున్న ఫారాలన్నీ పిండిముద్దలై ఉన్నాయి. విసుం అంటే దెబ్బలు తిన్న మనిషిని చూసి డాక్టరు పోలీసులకు రాసిచ్చే కాగితం. కోర్టులో నోరున్న కాగితం అదొక్కటే. దానికి మనిషి బొమ్మలు కావాలి. ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి, పక్కలకు రెండు.

నర్సు మర్తోయో పాత ఎక్స్‌రే ఫిల్ము కత్తిరించి అచ్చులు చేశాడు. తెల్లకాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలు తిప్పితే బొమ్మ వచ్చేది. ముఖం ఉండదు. మగా ఆడా తెలియదు. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఎందరి దెబ్బలో ఆ ముఖం లేని మనిషి ఒంటి మీదికి ఎక్కించాడు మర్తోయో. రిటైరవడానికి ఇంకా ఏడు నెలలుంది. భార్య పోయి ఆరేళ్లు. పిల్లల్లేరు. డ్యూటీలో తప్ప రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ పదిలో సగం పొద్దున్నే ఇంటి గోడ దగ్గర సమింతెన్‌తో.

సమింతెన్ జాము అమ్ముతుంది. పసుపు, చింతపండు, అల్లం దంచి తీసిన కషాయాలు ఏడెనిమిది సీసాల్లో పోసి, బుట్టలో సర్ది, బుట్టను శాలువాతో వీపుకు కట్టుకుని అయిదున్నరకల్లా వీధిలోకి వస్తుంది. మర్తోయో గ్లాసు గోడ మీద పెట్టి ఉంటుంది. పదకొండేళ్లుగా అదే గ్లాసు.

"చేదెక్కువ పోయనా పాక్?"

"పొయ్యి."

"ముఖం చూస్తే ఇప్పటికే తాగినట్టుంది," అనేది. పాక్ అంటే పెద్ద మగవాళ్లను పిలిచే పిలుపు; ఆడవాళ్లనైతే బూ, డాక్టరునైతే దోక్. అంతే మాట. అంతటితో మర్తోయోకు తెల్లవారేది.

ఆ మంగళవారం పన్నెండు గంటలప్పుడు పోలీసు తోహా విసుం కావాలన్న ఉత్తరం పట్టుకుని ఆసుపత్రికి వచ్చాడు. వెనక సమింతెన్. కుడిచెంప ఉబ్బి కన్ను సగం మూసుకుపోయి ఉంది. మర్తోయోను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"లోపలికి రండి బూ," అంది డాక్టర్ హెస్తి. "భయపడకండి. పాక్ మర్తోయో బొమ్మ గీస్తారు, నేను కొలుస్తాను. అంతే."

సంగతి చిన్నదే. సంత గుమ్మం దగ్గర బళ్లు నిలిపే చోట సమింతెన్ బుట్ట దించింది. ఆ చోటు పెత్తనం జరోత్‌ది. తియ్యమన్నాడు. తీస్తున్నానంది. చెయ్యి చేసుకున్నాడు.

"జరోత్ ఒప్పుకున్నాడు దోక్," అన్నాడు తోహా బయటి నుంచే. "ఒక్క చెంపదెబ్బ అంటున్నాడు. ఈవిడ పని మానకుండా తిరుగుతూ ఉంటే చిన్న కేసే. మహా అయితే మూడు నెలల జైలు. అదీ వెయ్యరు. ఎల్లుండికి మళ్లీ గుమ్మం దగ్గరే ఉంటాడు."

సమింతెన్ రోజూ ఆ దారినే పోవాలి. సంతకు గుమ్మం అదొక్కటే.

డాక్టరు స్కేలు పెట్టి చెబుతూ పోయింది. మర్తోయో రాస్తూ పోయాడు. "కుడి చెంప. ముందు మధ్యరేఖకు అయిదు సెంటీమీటర్లు. కంటి బయటి కొనకు మూడు సెంటీమీటర్లు కింద. కమిలిన మచ్చ, ఊదా ఎరుపు. నాలుగు బై మూడు. అంచు స్పష్టంగా లేదు. చుట్టూ వాపు." బొమ్మకు ముఖం లేదు కనక మర్తోయో ఆ ఖాళీలో చుక్కల గుండ్రం గీసి ఒకటి అని అంకె వేశాడు. బొమ్మ కుడి మన ఎడమకు వస్తుంది. ఆ పొరపాటు అతను ఎప్పుడూ చెయ్యడు. జరోత్ పేరు ఆ పేజీలో ఎక్కడా లేదు. 'చెప్పినదాని ప్రకారం' అన్న మాట కింద సమింతెన్ చెప్పింది ఉంది, డాక్టరు చూసింది వేరేచోట ఉంది. కొట్టాడు అని గానీ, పాపం అని గానీ విసుంలో రాయకూడదు. పదకొండేళ్లు జాము పోసిన మనిషి అక్కడ 'పరీక్షకు వచ్చిన వ్యక్తి' అయింది.

"ఇంకెక్కడన్నా దెబ్బ ఉందా బూ? వీపు?"

"లేదు దోక్." సమింతెన్ చొక్కా అంచు కిందికి లాక్కుంది.

"ఒకసారి చూస్తాను."

"ఏమీ లేదు దోక్. రేపు బుట్ట కట్టుకుని పోతాను కూడా."

అప్పుడే బయట లారీ కింద పడ్డ కుర్రాణ్ణి దించారు. డాక్టరు చేతికి గ్లౌజులు మార్చుకుంటూ పరుగెత్తింది. మర్తోయో అలవాటు ప్రకారం వీపు బొమ్మకు అడ్డంగా పొడుగాటి గీత కొట్టాడు. ఖాళీ బొమ్మ వదిలేస్తే తర్వాత ఎవరైనా అందులో గాయం గీయవచ్చు. అందుకని గీత. చూశాం, ఏమీ లేదు అని దాని అర్థం. సాయంత్రం డాక్టరు సంతకం పెట్టింది. పనికి ఆటంకం లేదు అన్నది కూడా పడింది. పొద్దున టైపు చేసి ఇస్తే చాలు.

బుధవారం అయిదున్నరకు గోడ దగ్గరికి వచ్చాడు. సమింతెన్ రాలేదు. ఆరు దాటాక సందు మలుపులో కనబడింది. బుట్ట వీపు మీద లేదు. రెండు ప్లాస్టిక్ బకెట్లలో నాలుగేసి సీసాలు పెట్టుకుని రెండు చేతులా పట్టుకుని వస్తోంది. పది అడుగులు వేసి దించుతోంది. నిలబడుతోంది. మళ్లీ ఎత్తుతోంది.

మర్తోయో గ్లాసు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఆమె వంగి సీసా తియ్యలేదు. మోకాళ్లు మడిచి, వీపు కర్రలా పెట్టుకుని కిందికి దిగి తీసింది.

"శాలువా ఏది?"

"ఉతికాను."

"బకెట్లు నిన్న లేవు."

"అడిగినవాటికల్లా జవాబు చెప్పాలా? తాగండి, చల్లారుతుంది."

తాగలేదు. గ్లాసు గోడ మీద పెట్టాడు.

"బూ, వీపు డాక్టరుకు ఎందుకు చూపించలేదు?"

సమింతెన్ సీసా బిరడా బిగించింది. బిగించిందే మళ్లీ బిగించింది.

"మీరున్నారుగా గదిలో," అంది. "డాక్టరమ్మ ఎవరో, నన్ను మళ్లీ చూడదు. మీ ముందు రోజూ నిలబడాలి నేను."

బకెట్లు ఎత్తుకుని వెళ్లిపోయింది. గ్లాసులో జాము అలాగే ఉంది.

మర్తోయో ఆ వేళ మామూలుకన్నా ముందు ఆసుపత్రికి చేరాడు. టైపు మిషను ముందు కూర్చున్నాడు. గీత ఉన్న కాగితం పక్కన పెట్టుకున్నాడు. టైపు కొట్టేస్తే అయిపోతుంది. ఎవరూ అడగరు. కొడితే అబద్ధం అవుతుంది. లేచి డాక్టరు వచ్చేదాకా వరండాలో నిలబడ్డాడు.

"దోక్, నిన్నటి విసుంలో తప్పుంది. వీపు చూడలేదు మనం."

"ఏమీ లేదందిగా."

"అంది. మనం చూడలేదు. నేను గీత కొట్టాను."

హెస్తి కాగితం అందుకుని గీత దాకా చదివింది. చెవులు ఎర్రబడ్డాయి. "నేను చూడకుండా మీరెలా కొట్టారు పాక్?"

"అలవాటు."

"అలవాటా! ముప్ఫై ఏళ్ల సర్వీసున్న మనిషి..." ఆగిపోయింది. కాగితం బల్ల మీద పెట్టింది. "దాని కింద సంతకం నాదే. తిట్టాల్సింది ఇద్దర్నీ."

"ఇంకోటి ఉంది దోక్. ఆమె రోజూ మా గోడ దగ్గర జాము పోస్తుంది. పదకొండేళ్లు. వీపు చూపించకపోవడానికి కారణం నేనే. గదిలో నేను ఉండకూడదు. బొమ్మ కూడా నేను గీయకూడదు."

"నిన్ననే చెప్పొచ్చుగా?"

పొద్దున్నే ఆమె కోసం ఎదురుచూస్తానన్న మాట పదకొండేళ్లలో మర్తోయో ఎవరితోనూ అనలేదు. తనతో తను కూడా అనుకోలేదు.

హెస్తి పాత కాగితం చింపలేదు. చెరపలేదు. గీత మీద ఇంకో సన్నటి అడ్డగీత పెట్టి, కిందిది కనబడేలా వదిలి, పక్కన 'వీపు పరీక్షించలేదు' అని రాసి, తేదీ, టైము, సంతకం వేసింది. తోహాకు కబురు పంపింది. మధ్యాహ్నం రెండింటికి అతను సమింతెన్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు.

"నిన్న ఒకటి, ఇవాళ ఒకటి అంటే అవతలి వకీలు నవ్వుతాడు దోక్," అన్నాడు తోహా.

"నవ్వనీ. నిన్న చూసింది నిన్నటి టైముతో ఉంటుంది, ఇవాళ చూసింది ఇవాళ్టి టైముతో. ఎందుకు చూడలేదో కూడా రాస్తాను. దాచితే ఏడ్చేది మనం."

నర్సు యాతి స్కేలూ కెమెరా తీసుకుని లోపలికి వెళ్లింది. మర్తోయో తన ఎక్స్‌రే అచ్చుల్లోంచి వెనకవైపుది తీసి ఆమె చేతిలో పెట్టాడు. తలుపు మూసుకుంది. సమింతెన్ లోపలికి పోతూ అతని వైపు చూడలేదు.

బయట బెంచీ మీద కూర్చున్నాడు. తలుపు పాతది, మాటలు ఆపదు.

"కుడివైపు. వెనక మధ్యరేఖకు ఏడు సెంటీమీటర్లు. రెక్క ఎముక కింది కొనకు రెండు సెంటీమీటర్లు కింద. పక్కపక్కనే రెండు కమిలిన చారలు, నీలం ఊదా. మధ్య చర్మం పాలిపోయి ఉంది. పొడవు పదకొండు. చారకూ చారకూ మధ్య రెండు. యాతీ, స్కేలు గాయం పక్కనే పెట్టి, తిన్నగా పైనుంచి ఫోటో తియ్యి. ఆ... రెండోది. దాని కింద నాలుగు. అదే తీరు. పొడవు తొమ్మిది."

మర్తోయో వేలు మోకాలి మీద కదులుతోంది. మధ్యరేఖ. ఏడు. రెండు కింద. జంట చారలు. చెంపదెబ్బకు అలా పడదు. గుండ్రటి కడ్డీనో గొట్టాన్నో ఆడించి కొడితే, తగిలిన చోట పాలిపోయి రెండు పక్కలా నెత్తురు కమ్ముతుంది. అలాంటివి లెక్కలేనన్ని గీశాడు. ఇది మాత్రం గీయడం లేదు, వింటున్నాడు.

"దేంతో కొట్టాడు బూ?"

"నీళ్ల గొట్టం దోక్. ప్లాస్టిక్‌ది." ఆపైన గొంతు బాగా తగ్గింది. "బయట ఉన్నారా?"

"ఎవరు?"

మర్తోయో లేచి వరండా చివరికి, మాటలు వినబడనంత దూరం వెళ్లి నిలబడ్డాడు.

విసుం హెస్తి స్వయంగా రెండు వేళ్లతో టైపు కొట్టింది. గొట్టం అన్న మాట సమింతెన్ చెప్పినదాని కిందే ఉంచింది. చివర్న తనది మాత్రం రాసింది: మొద్దు వస్తువు దెబ్బ వల్ల చెంప మీద, వీపు మీద కమిలిన గాయాలు, వీటి వల్ల బుట్ట వీపున మోసే వృత్తికి కొంతకాలం ఆటంకం. తోహా వరండాలోనే నిలబడి చదివాడు. ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివాడు.

"ఇక చిన్న కేసు కాదు," అన్నాడు. "ఇవాళే లోపల వేస్తాం."

"అది మీ పని," అంది హెస్తి. "పాక్, కేసు తేలేదాకా ఆమెతో మాటలొద్దు. అవతలివాళ్లు ఈ పరిచయం పట్టుకుని మీ గోడ దాకా వస్తారు."

"తెలుసు దోక్."

సమింతెన్ గుమ్మం దగ్గర బకెట్లు లేకుండా నిలబడి ఉంది. రెండు వారాలు మోయొద్దంది డాక్టరు. చొక్కా వీపుకు తగలకుండా ముందుకు వంగి నడుస్తూ పోలీసు బండెక్కింది.

మర్నాడు పొద్దున మర్తోయో అయిదింటికే లేచాడు. గ్లాసు తీసుకుని గోడ దాకా వెళ్లి, అక్కడ పెట్టబోయి, మళ్లీ లోపలికి తెచ్చాడు. పసుపు కొమ్ములు నాలుగు దంచాడు. చింతపండు పిసికాడు. ఆమె ఏది ముందు పోసేదో, ఏది తర్వాతో పదకొండేళ్లు చూశాడు గానీ పాళ్లు తెలియలేదు. గుడ్డలో వడగట్టి గ్లాసులో పోసుకున్నాడు. చేదు చాలలేదు. పులుపు మరీ ఎక్కువైంది. నిలబడే మొత్తం తాగి, గ్లాసు కడిగి బోర్లించి డ్యూటీకి వెళ్లిపోయాడు.