చుక్క మీద ఏ అంకె

భార్య యాదమ్మ పోయిన తొమ్మిదో రోజున భిక్షపతి నకిరేకల్‌లో బస్సు దిగి, కర్రతో మెట్లు వెతుక్కుంటూ ఆజం బట్టల దుకాణం ఎక్కాడు. మరునాడు పదో రోజు దినం; ఆమె పేరున పెట్టడానికి చీర కావాలి. చూపు లేని మనిషికి రంగుతో పని లేదు. నారాయణపేట చీర అంచు వేళ్లతో తడిమి, పద్దెనిమిది వందల యాభైకి సరేనన్నాడు. బేరం ఆడలేదు. ముప్పై ఏళ్లు కిరాణం నడిపినవాడు బేరం ఆడకపోవడం అదే మొదలు.

కార్డు తీశాడు. ఆజం తెచ్చిన మిషన్ ముఖమంతా నున్నటి అద్దం.

“నంబరు చెప్పు కాకా, నేను కొడత.”

“చెప్ప.”

పాత పిన్ నంబరు యాదమ్మకు తెలిసి ఉండేది. ఆమె పోయిన నాలుగో రోజు బామ్మర్ది కాటమయ్య ఖర్చులకని అడిగి తెలుసుకున్నాడు. తొమ్మిది వేలు తీశాడు, లెక్క చెప్పలేదు. ఆ సాయంత్రమే భిక్షపతి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని బ్యాంకుకు ఫోన్ కలిపాడు. వేలి కింది అంకెను ఫోను పలికితే విని, కొత్త నంబరు పెట్టుకున్నాడు. ఇది కూడా ఇంకొకరి చేతికి పోతే, ఇక ఉప్పు పాకెట్ కొనాలన్నా కాటమయ్యనే పిలవాలి.

“బటన్లది లేదా?”

“పాతదున్నది. దాన్నెవరు ముడుతుండ్రు?” గొణుగుతూనే ఆజం సొరుగు లాగాడు.

పాత మిషన్‌లో కార్డు పెట్టి, పైసలెంతో కొట్టి, భిక్షపతి చేతికిచ్చి పక్కకు తిరిగాడు. నడుమ ఐదు మీద చిన్న చుక్క వేలికి తగిలింది. కింద కుడి మూలన గుండ్రటి గుర్తున్న బటన్. నాలుగు అంకెలు కొట్టి అది నొక్కాడు.

“తప్పంటాంది.”

మళ్లీ కొట్టాడు.

“మళ్లా తప్పే. ఇంకొక్కపాలి తప్పితే ఇయ్యాల కార్డు బందయితది. నా మాటిను, చెప్పు కాకా. నీ పైసలు నేనేం జేసుకుంట?”

భిక్షపతి మిషన్ వదల్లేదు. చుక్క మీద వేలు అట్లాగే ఉంచాడు. నంబరు మరిచిపోలేదు. మరి తప్పు ఎక్కడ? దుకాణంలో ముప్పై ఏళ్లు వేళ్లు తిరిగింది కాలిక్యులేటర్ మీద. దాంట్లోనూ నడుమ ఐదే.

“ఆజం, ఐదు మీద ఏమున్నది?”

“రెండు.”

కాలిక్యులేటర్‌లో అక్కడ ఎనిమిది ఉంటుంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది పై వరుస. ఇక్కడ అవి కింద. కొత్త నంబరు పెట్టిన రోజు ఫోనే పలికింది కాబట్టి ఏది ఎక్కడుందో చూసుకోలేదు.

మెల్లగా, వరుస మార్చి నాలుగూ కొట్టాడు. గుండ్రటి గుర్తు నొక్కాడు.

మిషన్ కూసింది. కాగితం బయటికొచ్చిన చప్పుడైంది.

“అయింది కాకా.”

“ఆగు.”

జేబులో ఫోను మోగింది. చెవి దగ్గర పెట్టుకుంటే అది సందేశం చదివింది: పద్దెనిమిది వందల యాభై.

“మంచిదే,” అన్నాడు ఆజం. “నీ ఎంటెవరొచ్చిండ్రు?”

“ఎవరు రాలే.”

చీర సంచిలో పెట్టుకుని మెట్లు దిగాడు. ఎంత తగ్గించినవని ఇంటికి పోగానే యాదమ్మ అడిగేది. బస్సు కోసం నిలబడి, ఫోనుతో ఆ సందేశాన్ని ఇంకోసారి చదివించుకున్నాడు. అదే పద్దెనిమిది వందల యాభై.