వాన దిగే మెట్లు

పొద్దున్న ఎనిమిది కొట్టేసరికి కోడలు గరాటా కింద సీసా తీసి, లోపల పడ్డ నీళ్లని గీతల గ్లాసులో పోసి, గ్లాసుని కంటికి సమంగా ఎత్తి చూసి, అంకె రిజిస్టరులో రాస్తుంది. అత్తగారు స్టూలు మీద కూర్చుని ఆ రాసేది చూస్తుంది. ఆవిడ ఉద్యోగం మానేసి ఏడాదైంది. అయినా రోజూ వస్తుంది. ఇంట్లో ఏం తోచడం లేదంటుంది గానీ, అసలు సంగతి కోడలి మీద నమ్మకం లేక. ఊళ్లో వాళ్లు ఆవిడని పెద్ద కొలతలమ్మ అంటారు, ఈ పిల్లని చిన్న కొలతలమ్మ అంటారు.

ఆఫీసంటే ఒక గది, ఒక పెరడు. పెరట్లో చెట్టు నీడ గానీ గోడ అడ్డు గానీ లేనిచోట గరాటా. గదిలో బల్ల, ఫోను, పిండి డబ్బా, జల్లెడ, గోడ మీద ఒక పలక. పలక మీద కింది నుంచి పైకి మెట్లు: తుంపర, చినుకులు, జల్లు, వాన, జోరువాన, కుండపోత.

గంటకి రెండున్నర మిల్లీమీటర్ల లోపు పడితే జల్లు. రెండున్నర నుంచి పది దాకా వాన. పది దాటితే జోరువాన. యాభై దాటితే కుండపోత. గ్లాసు మీద పెద్ద గీత ఒక మిల్లీమీటరు, చిన్న గీత అందులో పదోవంతు. గంటసేపు కూర్చోనక్కర్లేదు, అయిదు నిమిషాలు పట్టి పన్నెండుతో హెచ్చవేస్తే చాలు. జల్లు కన్నా కింద గ్లాసుకి అందదు, అక్కడ పిండి కావాలి. పళ్లెంలో పిండి పరిచి, రెండు క్షణాలు ఆకాశానికి చూపించి, జల్లెడ పడితే ప్రతి బొట్టూ ఒక ఉండై మిగులుతుంది. ఆవగింజంతవి ఉంటే చినుకులు, సన్న రవ్వలా ఉంటే తుంపర.

రాయడం రోజూ ఉండేదే. పైకి చెప్పడం మాత్రం ఎప్పుడో గానీ ఉండదు. నీళ్లు ఎక్కువై ఊరికి ఇబ్బంది వచ్చినప్పుడు, రిజిస్టరు ఎవరి పేరున ఉందో వాళ్లు గరాటా పక్కన నిలబడి వానని దాని సరైన పేరుతో పిలవాలి. పేరు సరిపోతే వాన ఒక మెట్టు దిగుతుంది. తక్కువ చేసి పిలిస్తే రోషం వచ్చి ఒక మెట్టు ఎక్కుతుంది. ఎక్కువ చేసి పిలిస్తే పొగడ్తకి ఉబ్బిపోయి అంతా అవుతుంది. మనుషుల సంగతి మనకి తెలియనిదా, వానా అంతే.

పలక మీద లేని మాటలు కొన్ని ఉన్నాయి. వాటి జోలికి పోకూడదు. ముసురంటే ఎంత పడిందన్న లెక్క కాదు, ఎన్నాళ్లు పడిందన్న లెక్క. సన్నగా, విడవకుండా పడితే ముసురు. జోరుగా, విడవకుండా పడితే జడి. వెనక ఒక గుమాస్తా తెలివి చూపించబోయి గరాటా దగ్గర “ముసురు” అన్నాడు. పదకొండు రోజులు ఊళ్లో ఒక్క చొక్కా ఆరలేదు. ఆ తర్వాత అతన్ని చెత్తబండ్ల విభాగానికి మార్చారు.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి పడమట మబ్బు కమ్మింది. మొగుడు పొద్దుననగా పెద్దవీధి కింద మురుగుకాలవలో దిగాడు, ఇనప జాలీకి పట్టిన చెత్త తీయడానికి. అది అతని పని. పైన మూత దగ్గర తాడు పట్టుకుని కూర్చునేది ఆమె అన్నయ్య.

రెండుంపావుకి మొదలైంది. చినుకులు, జల్లు అంటూ వరస పాటించలేదు, వస్తూనే రేకుల మీద గుప్పెళ్లతో రాళ్లు విసిరినట్టు పడింది. ఫోను మోగింది.

“చెల్లాయ్!” అన్నయ్య అరుస్తున్నాడు. “బావ కాలు జాలీ కమ్మీల మధ్య ఇరుక్కుంది. బూటు ఊడట్లేదు. నీళ్లు రెండో మెట్టుకొచ్చాయి!”

కాలవ గోడకి దిగడానికి ఇనప మెట్లుంటాయి, అడుగుకొకటి. రెండో మెట్టంటే మోకాలి పైమాట.

“నువ్వు దిగి లాగకూడదా అన్నయ్యా?”

“నేను దిగితే తాడెవరు పట్టుకుంటారే! మనిషి కొట్టుకుపోకుండా ఉన్నాడంటే ఆ తాడు వల్లే. ఇంకొకళ్లకి కబురు పెట్టాను. నువ్వు ముందు ఆ కురిసేదాని సంగతి చూడు!”

ఆమె సీసా పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. అయిదు నిమిషాలు. ఆ అయిదు నిమిషాలూ ఎలా గడిచాయో ఆమెనే అడగాలి. గ్లాసులో పోస్తే ఒకటి మీద రెండు చిన్న గీతలు. పన్నెండుతో హెచ్చవేస్తే పద్నాలుగు దాటింది. జోరువాన.

ఆమె గరాటా పక్కన నిలబడింది. నోరు తెరిచింది. జోరువాన అంటే లోపల మొగుడున్న కాలవలోకి జోరువాన వస్తోందని తన నోటితో తనే అన్నట్టవుతుందని అనిపించింది. అనలేకపోయింది. అంత ఉండదులే, ఉండకూడదు అనుకుంది.

“వాన,” అంది.

ఒక్క క్షణం అంతా ఆగినట్టయింది. ఆ వెంటనే ఆకాశం తెగి మీద పడింది. ఎదురుగా ఉన్న కంచె కనపడలేదు. నేలకి కొట్టుకున్న నీళ్లు మోకాళ్ల దాకా ఎగిరాయి.

“ఏమన్నావే?” అత్తగారు గుమ్మంలోంచి కేకేసింది.

“వాన అన్నాను అత్తయ్యా.”

“గ్లాసు ఏమంది?”

కోడలు గ్లాసు కొంగు చాటున పెట్టుకుంది.

“నేను అడిగేది నిన్నే! గ్లాసు ఏమందీ?”

“జోరువాన.”

అత్తగారు గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. మళ్లీ ఫోను మోగింది. ఈసారి ఆవిడే తీసింది.

“నాలుగో మెట్టు దాటిందత్తయ్యా! బావ తల పైకెత్తి నిలబడ్డాడు. ఆరో మెట్టు దగ్గర కప్పు. ఆ తర్వాత ఇంక...”

“తాడు వదిలావంటే చంపేస్తాను,” అని ఆవిడ పెట్టేసింది.

కోడలు గ్లాసు ఆవిడ ముందుకి చాపింది. “మీరు చెప్పండి అత్తయ్యా. మీ మాట వింటుంది. ముప్పై ఏళ్లు విన్నది కదా!”

“రిజిస్టరు నీ పేరున ఉంది. నేనెంత అరిచినా దానికి కాకి అరిచినట్టే. వాడు నా కొడుకు కాదనుకున్నావా? నాకు చెప్పే వీలుంటే నిన్ను అడుగుతూ కూర్చుంటానా?” ఆవిడ వానలోకి వచ్చి కోడలి మోచెయ్యి పట్టుకుంది. “నువ్వు కొలిచింది చెప్పలేదు, కోరుకున్నది చెప్పావు. మా కాలంలో నేనూ చేశాను ఆ వెధవ పని. పట్టు సీసా.”

ఇద్దరూ తడుస్తూ నిలబడ్డారు. అయిదు నిమిషాలకి గ్లాసులో అయిదు పెద్ద గీతలు నిండాయి. గంటకి అరవై.

“చెప్పు.”

“భయమేస్తోంది అత్తయ్యా.”

“వెయ్యదూ మరి! భయపడుతూనే చెప్పు. ధైర్యం వచ్చాక చెబుదాం అనుకుంటే వాడుండడు.”

ఆమె కళ్లు మూసుకుంది. నీళ్లు నిండిన కాలవ, అందులో కప్పుకేసి మొహం ఎత్తిన మనిషి కనిపించారు. తప్పించుకోవడానికి లేదు.

“కుండపోత,” అంది. మళ్లీ గట్టిగా, “నువ్వు కుండపోతవి!” అంది.

కంచె మళ్లీ కనపడింది. తెరలు తెరలుగా పడేది గీతలు గీతలుగా పడసాగింది. అయినా తొందరపడకుండా మళ్లీ అయిదు నిమిషాలు పట్టారు. ఒకటి మీద ఎనిమిది. గంటకి ఇరవై ఒకటి పైన.

“జోరువాన!”

మళ్లీ ఒక మెట్టు. రేకుల చప్పుడు తగ్గింది. అత్తగారు ఫోను దగ్గరికి వెళ్లింది. తిరిగొచ్చి గుమ్మంలోంచే చెప్పింది.

“ఇంకా పెరుగుతోందట. అయిదో మెట్టు.”

“అదేంటి అత్తయ్యా! ఇక్కడ తగ్గింది కదా!”

“ఇక్కడ తగ్గింది. ఎగువ వీధుల్లో ఇందాక పడిన కుండపోత ఇప్పుడు నడిచొస్తోంది కాలవలోకి. కాలవ ఎప్పుడూ వానకి పది నిమిషాలు వెనక ఉంటుంది. పైన పోసింది ఇంకా రావాలి. కొత్తది కలవకుండా చూసుకోవడమే మన పని.”

సరిగ్గా అప్పుడు కోడలికి ఆశ పుట్టింది. తుంపర అనేస్తే? ఒక్కసారిగా అడుక్కి దిగిపోతే? నాలుక చివరి దాకా వచ్చింది ఆ మాట. అత్తగారు ఆమె పెదవులు చూస్తోంది. కోడలు పెదవులు బిగించుకుని సీసా మార్చింది.

అయిదు నిమిషాలు. ఆరు చిన్న గీతలు, అంటే మిల్లీమీటరులో సగం పైన. గంటకి ఏడు.

“వాన,” అంది. ఇందాక అబద్ధమైన మాటే, ఇప్పుడు నిజం. వాన మెత్తబడి జల్లయింది.

మళ్లీ పట్టారు. గ్లాసు అడుగున ఒకే ఒక్క చిన్న గీత.

“జల్లు.”

ఫోను మోగింది. ఇద్దరిలో ఎవరూ కదల్లేదు. అది మోగుతూనే ఉంది. ఆఖరికి కోడలే వెళ్లి తీసింది.

“నాలుగో మెట్టుకి దిగింది చెల్లాయ్! ఇంకో ఇద్దరొచ్చారు. ఒకడు బూటు కోసి కాలు లాగాడు. వచ్చేశాడు, ఇదిగో నా పక్కనే కూర్చున్నాడు, దగ్గుతున్నాడు. వినపడుతోందా?”

వినపడుతోంది. ఆ దగ్గు వింటూ ఆమె బల్ల పక్కన కూలబడి భోరుమంది. అత్తగారు ఆమె చేతిలోంచి ఫోను తీసుకుని తనూ కాసేపు ఆ దగ్గు వింది.

తర్వాత ముక్కు చీదుకుని, “లే. పిండి పట్రా. ఇంకా రెండు మెట్లున్నాయి,” అంది.

పళ్లెం బయటపెట్టి జల్లెడ పట్టారు. ఆవగింజలంత ఉండలు. చినుకులు అంది కోడలు. రెండోసారి సన్న రవ్వ మిగిలింది. గుంటలో నీళ్ల మీద ఒక్క వలయం లేదు. తుంపర అంది. ఆకాశం ఆగిపోయింది. ఆమె రిజిస్టరు తీసి అన్నీ వరసగా రాసింది. మొదట తను తప్పుగా అన్న మాట కూడా రాసి, పక్కన సంతకం పెట్టింది. అత్తగారు చదివింది. ఆ మర్నాటి నుంచి ఆవిడ ఆఫీసుకి రావడం మానేసింది.

సాయంత్రం అతన్ని బావమరిది భుజం మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు. దుప్పటి కప్పి కూర్చోబెట్టారు. చేతిలో పెట్టిన టీ గ్లాసు వణికి వణికి సగం ఒలికింది. వేళ్లు ఒక్క క్షణం కుదురుగా లేవు.

“నీళ్లు ఎందాకా వచ్చాయిరా?” అత్తగారు అడిగింది.

అతను తల్లిని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. నవ్వబోయాడు. “ఎంతమ్మా, నడుం దాకా. వీళ్లు ఊరికే కంగారుపడ్డారు.”

గ్లాసు ఇంకా ఎక్కువగా వణికింది. మిగతా టీ కూడా దుప్పటి మీద పడింది.

ఆవిడ ఏదో అనబోయేలోపే కోడలు లేచి అతని ముందు మోకాళ్ల మీద కూర్చుంది. వణికే ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

“సరిగ్గా చెప్పు,” అంది.

అతను నేలకేసి చూశాడు.

“నోటి దాకా,” అన్నాడు. “మునివేళ్ల మీద నిలబడ్డాను. చచ్చిపోతాననుకున్నాను. నువ్వే గుర్తొచ్చావు.”

ఆమె చేతుల్లో అతని వణుకు ఒక మెట్టు దిగింది.

“ఇంకా చెప్పు,” అంది ఆమె.