వన్‌సిక్ పెళ్లి కవరు

మా టీం లీడర్ పెళ్లికి యాభై వేల వోన్‌లు పంపి ఊరుకోవడానికి నాకు అరనిమిషం పట్టింది. ఆయనకూ నాకూ ఉన్న బంధమల్లా లిఫ్టులో తల వంచి పలకరించుకోవడమే. చిక్కంతా వన్‌సిక్ పెళ్లి దగ్గరే వచ్చింది.

వన్‌సిక్ నాకు బడి నాటి స్నేహితుడు. నా పెళ్లికి వాడు కవరులో మూడు లక్షలు పెట్టాడు. కొరియాలో, మా దేగు ఊళ్లో, ఎవరు ఎంత పెడితే వాళ్లకు అంతే తిరిగి పెడతారు. మా ఫ్యాక్టరీలో ఓవర్‌టైమ్ ఆపేసి మూడు నెలలైంది. పాపకింకా ఏడాది నిండలేదు. నా భార్య సన్‌మి కవరులో రెండు పసుపు నోట్లు, అంటే లక్ష పెట్టి, వెనక నా పేరు రాసి చేతికిచ్చింది.

"లక్షేనా? వాడు మూడు పెట్టాడే!" అన్నాను.

"మనకు వాడెంత దగ్గరో చూశాను, అందుకే యాభై కాకుండా లక్ష. మన దగ్గరెంతుందో చూశాను, అందుకే మూడు కాకుండా లక్ష. ఇంకేం చూడాలి?"

"వాడేమనుకుంటాడు?"

"అది వాడి పని. పాపకు జ్వరం, నేను రాలేను. నువ్వు కడుపునిండా తినిరా."

ఆమె చెబుతున్నంతసేపూ సబబుగానే ఉంది. బస్సెక్కాక ఒక్క ముక్కా గుర్తురాలేదు. లక్ష అంటే స్నేహమా? మూడైతే స్నేహమా, మర్యాదా? ఎటు తిప్పినా లెక్క తేలలేదు.

కల్యాణ మంటపం కింది అంతస్తులో ఏటీఎం ముందు జనం బారులు తీరి ఉన్నారు. అక్కడే జంగ్‌పిల్ తగిలాడు. వాడూ మా బడివాడే, ఎవరింట్లో ఏం ఉడుకుతోందో వాడికి కావాలి.

"ఏరా గ్యుతే, ఎంత పెడుతున్నావ్? నీ పెళ్లికి వాడు మూడు పెట్టాడటగా?"

"నీకెందుకురా?"

"ఊరికే అడిగాలే. కవరు మరీ పల్చగా కనిపిస్తేనూ!"

నా చెవులు కాలిపోయాయి. గ్యాసు బిల్లుకని ఉంచిన రెండు లక్షలు ఏటీఎంలో తీసి కవరులో కుక్కాను. పెళ్లికొడుకు తరఫున కానుకలు తీసుకునే బల్ల దగ్గర ఇచ్చి భోజనం టికెట్టు పుచ్చుకున్నాను. పెళ్లి బాగా జరిగింది. మాంసం పులుసు మాత్రం సగం గిన్నెలోనే వదిలేశాను. గర్వపడాలో ఏడవాలో తెలియని స్థితిలో ఇంటికొచ్చాను. సన్‌మికి చెప్పే ధైర్యం రాలేదు.

మర్నాడు ఫోన్ మోగింది. వన్‌సిక్ నాకు ఫోన్ యాప్‌లో రెండు లక్షలు పంపాడు. నేను 'తీసుకుంటాను' అని నొక్కితేనే అవి నావి, లేకపోతే ఒక రోజు తర్వాత వాడికే వెళ్లిపోతాయి. నాకు ఒళ్లు మండిపోయింది. నేను బిచ్చగాడినా? లేక వాడికి నాతో లక్షకు మించిన చుట్టరికం అక్కర్లేదా? ఫోన్ సన్‌మికి చూపించి, జరిగింది చెప్పక తప్పలేదు. ఆమె నన్నొక చూపు చూసింది.

"నన్ను తర్వాత తిడుదువు గానీ, దీనర్థం ఏంటో చెప్పు," అన్నాను.

"నన్నడుగుతావేంటి? వాడినే అడుగు."

వాడికి ఫోన్ చేశాను. హనీమూన్‌కి వెళ్తూ విమానాశ్రయంలో ఉన్నాడట. వెనక కొత్త పెళ్లికూతురు నవ్వు వినబడింది.

"నా డబ్బు నీకు చేదైందా?" అన్నాను.

"అరవకురా. మీకు ఓవర్‌టైమ్ లేదని నాకు తెలియదా? ఇంత డబ్బు ఎక్కడిదిరా నీకు?"

"నువ్వు నాకు మూడు పెట్టలేదూ?"

"ఆ ఏడు నాకు బోనస్ వచ్చింది, పెట్టాను. మన స్నేహానికి అదే రేటని ఎవడన్నాడు?"

వాడి గొంతు తగ్గింది.

"నేనిప్పుడు నీ మూడూ ఉంచుకున్నాననుకో. శరదృతువులో నీ పాప మొదటి పుట్టినరోజు. నేనూ మూడు తేవాలి. అద్దె ఇంటి డిపాజిట్‌కి అప్పు చేశాను, తేలేను. అప్పుడేం చేస్తానో తెలుసా? ఊళ్లో లేనని చెప్పి, రావడం మానేస్తా."

నిన్న బస్సులో నాకూ సరిగ్గా ఆ ఆలోచనే వచ్చింది. కడుపునొప్పని చెప్పి సగం దారిలో దిగిపోదామనుకున్నాను. బడి నాటి స్నేహితుడి పెళ్లి మానేద్దామనుకున్నాను!

"పుట్టినరోజుకి రారా," అన్నాను. "నీకెంత వీలైతే అంత తే."

"అప్పుడేమీ లేకపోతే?"

"వట్టి చేతులతో రారా వెధవా. నువ్వు లేకుండా పాప పండగేంటి?"

"మరి నిన్న నీకెందుకు తోచలేదు ఈ మాట?"

విమానానికి పిలుస్తున్నారని వాడు పెట్టేశాడు. వట్టి చేతులతో రమ్మనే మాట ఇంకొకడి విషయంలో ఇంత తేలిగ్గా నోటికొచ్చింది, నా విషయంలో ఎందుకు నమ్మలేకపోయానో ఎంత ఆలోచించినా అర్థం కాలేదు. పాపను ఒళ్లో వేసుకుని, 'తీసుకుంటాను' అని నొక్కాను.